బ్లేడు డైరీ: అనునాద శిఖరం వెడల్పును సమీకరణంలోంచి చదవడం

సోమవారం: అమరిక

అమరిక ఒక కొలిక్కి వచ్చింది. హాక్సా బ్లేడు ముక్కను బరువైన వైస్‌లో బిగించి, 9 సెంటీమీటర్లు మాత్రం బయటకు వదిలాను. దాని కొసన 8 మిల్లీమీటర్ల వ్యాసం, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న నియోడిమియం అయస్కాంత బిళ్లలు రెండు, అటొకటి ఇటొకటి. బ్లేడు మధ్యలో ఉండగానే అవి ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి జిగురు అక్కర్లేదు. ఇది మంచి విషయమే. జిగురు మెత్తగా ఉంటే అది కూడా శక్తిని తింటుంది, అప్పుడు నేను కొలిచే డ్యాంపింగ్ దేనిదో తేలదు.

బ్లేడుకు ముందు వైపు డ్రైవ్ కాయిల్, వెనక వైపు పికప్ కాయిల్. కంప్యూటర్ సౌండ్ కార్డు నుంచి వచ్చే సైన్ తరంగం 470 ఓమ్‌ల రెసిస్టర్ గుండా డ్రైవ్ కాయిల్‌లోకి వెళ్తుంది. ఆ రెసిస్టర్ మీది వోల్టేజీని సౌండ్ కార్డు ఇన్‌పుట్‌లో ఒక ఛానెల్‌కీ, పికప్ కాయిల్ సిగ్నల్‌ను చిన్న యాంప్లిఫయర్ దాటించి రెండో ఛానెల్‌కీ ఇచ్చాను. మొదటి ఛానెల్ చెప్పేది కరెంటు, అంటే బ్లేడు మీద పడే బలం. రెండోది చెప్పేది బ్లేడు వేగం.

రెండో ఛానెల్ చెప్పేది స్థానం కాదు, వేగం. కాయిల్‌లో పుట్టే వోల్టేజీ అయస్కాంత ఫ్లక్స్ ఎంత త్వరగా మారుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది, అయస్కాంతం ఎక్కడ ఉందన్న దాన్ని బట్టి కాదు. ఈ ప్రాజెక్టు మొత్తం ఈ ఒక్క సంగతి మీదే నడుస్తుంది. ఎందుకో సమీకరణం చూస్తే తెలుస్తుంది.

అదే రోజు రాత్రి: సమీకరణం

ద్రవ్యరాశి m, స్ప్రింగు స్థిరాంకం k, వేగానికి అనులోమంగా అడ్డుపడే బలం b. దీని మీద F0 పరిమాణంలో, ω కోణీయ ఫ్రీక్వెన్సీతో ఊగే బలం పనిచేస్తోంది.

```
m x'' + b x' + k x = F0 cos(ωt)
γ = b/m        ω0² = k/m        Q = ω0/γ
```

మొదట్లో కొంత గందరగోళం ఉన్నా, కాసేపటికి బ్లేడు బలంతో సమానమైన ఫ్రీక్వెన్సీలో నిలకడగా ఊగుతుంది. ఆ నిలకడ స్థితిలో స్థానభ్రంశపు కంపన పరిమితి అందరికీ పరిచయమున్నదే:

```
A = (F0/m) / sqrt( (ω0² − ω²)² + γ²ω² )
```

ఈ రూపంలోంచి శిఖరం వెడల్పు చదవడం కాస్త చిరాకు పని. ω రెండు చోట్లా ఉంది. శిఖరం సరిగ్గా ω0 దగ్గర రాదు. వెడల్పు γ అని చెప్పాలంటే "డ్యాంపింగ్ తక్కువ అనుకుంటే" అని ఒక షరతు పెట్టుకోవాలి. పుస్తకాల్లో సాధారణంగా అలాగే పెడతారు.

వేగానికి ఆ షరతు అక్కర్లేదు. వేగపు పరిమితి V = ωA. లవాన్నీ హారాన్నీ ω తో భాగిస్తే:

```
V = (F0/m) / sqrt( γ² + (ω − ω0²/ω)² )
```

ఇది చూడగానే చదవగలిగే సమీకరణం. వర్గమూలం కింద ఉన్న రెండు పదాల్లో మొదటిదైన γ² ఎప్పుడూ మారదు. రెండోది ω = ω0 దగ్గర సున్నా అవుతుంది, అటూ ఇటూ పెరుగుతుంది. కాబట్టి వేగపు శిఖరం కచ్చితంగా ω0 దగ్గరే ఉంటుంది, దాని ఎత్తు (F0/m)/γ. రెండో పదం పెరిగి మొదటి దానితో సమానమైనప్పుడు మొత్తం రెట్టింపవుతుంది, V శిఖరంలో 1/√2 వంతుకు దిగుతుంది. శక్తి V² ని బట్టి ఉంటుంది కనుక అక్కడ అది సగం. ఇవే సగం-శక్తి బిందువులు. వాటికి షరతు ఒక్కటే:

```
ω − ω0²/ω = ±γ
ω± = sqrt(ω0² + γ²/4) ± γ/2
```

రెండింటినీ తీసివేస్తే వర్గమూలం ఎగిరిపోతుంది, γ మిగులుతుంది. ఇందులో ఎక్కడా సుమారు లెక్క లేదు. డ్యాంపింగ్ ఎంత ఎక్కువున్నా వేగపు శిఖరం బ్యాండ్‌విడ్త్ γ యే. హెర్ట్జ్‌లలో Δf = γ/2π, Q = f0/Δf. రెండు బిందువులనూ గుణిస్తే ω0² వస్తుంది, అంటే f0 వాటి గుణమధ్యమం. సగటు తీస్తే f0 రాదు, కాస్త పైన పడుతుంది.

పికప్ కాయిల్ వేగాన్ని ఇవ్వడం వల్ల నాకు దక్కిన లాభం ఇదే. ఏ షరతూ లేని సమీకరణం నేరుగా ఓల్ట్‌మీటర్ మీద కనిపిస్తోంది.

బుధవారం: విడి బ్లేడుతో మొదటి కొలత

ప్రతి ఫ్రీక్వెన్సీ దగ్గరా సిగ్నల్‌లోంచి ఆ ఫ్రీక్వెన్సీ భాగాన్ని మాత్రమే పట్టుకోవాలి. పికప్ కాయిల్‌లోకి కరెంటు లైన్ల హమ్ వస్తూనే ఉంటుంది కాబట్టి మామూలుగా వోల్టేజీ కొలిస్తే చాలదు. సిగ్నల్‌ను అదే ఫ్రీక్వెన్సీ ఉన్న కొసైన్‌తోనూ సైన్‌తోనూ గుణించి సగటు తీస్తే హమ్ రాలిపోతుంది.

```python
import numpy as np
def lockin(v, f, fs):
    t = np.arange(len(v)) / fs
    w = np.exp(-2j * np.pi * f * t)
    return 2 * np.mean(v * w)
```

దీన్ని రెండు ఛానెళ్లకూ వాడి, పికప్ ఫలితాన్ని కరెంటు ఫలితంతో భాగిస్తాను. అప్పుడు సౌండ్ కార్డు ఆలస్యం, దాని సున్నితత్వంలో ఫ్రీక్వెన్సీతో వచ్చే మార్పు, రెండూ కొట్టుకుపోతాయి. మిగిలేది బలానికి వేగం స్పందన, దశతో సహా. కింద రాసిన మిల్లీవోల్టులన్నీ డ్రైవ్ కరెంటు ఒకే విలువ దగ్గర ఉందనుకుని సరిచేసినవి.

38.5 నుంచి 41 హెర్ట్జ్ వరకు 0.05 హెర్ట్జ్ మెట్లతో వెళ్లాను. ప్రతి మెట్టు దగ్గరా 5 సెకన్లు ఊరికే ఆగి, తర్వాత 4 సెకన్లు రికార్డు చేశాను. శిఖరం 39.80 హెర్ట్జ్ దగ్గర, 240 మిల్లీవోల్టులు. దాన్ని √2 తో భాగిస్తే 169.7. వక్రరేఖ ఆ ఎత్తును 39.59 దగ్గర ఎక్కుతూ, 40.01 దగ్గర దిగుతూ దాటింది. తేడా 0.42 హెర్ట్జ్. Q = 39.80/0.42, అంటే దాదాపు 95.

"సగం" అన్న మాట దగ్గర జాగ్రత్త. 240 లో సగం 120 కదా అని అక్కడ వెడల్పు కొలిస్తే 39.44 నుంచి 40.17 దాకా, అంటే 0.73 హెర్ట్జ్ వస్తుంది. V సగం కావాలంటే వర్గమూలం కిందిది 4γ² కావాలి, అంటే రెండో పదం 3γ². కాబట్టి ఆ వెడల్పు γ కాదు, √3 γ. దాంతో లెక్కిస్తే Q 55 కి పడిపోతుంది. గ్రాఫ్ వోల్టేజీదా శక్తిదా అని ముందు చూసుకోవాలి. శక్తి గ్రాఫ్ అయితే సగం ఎత్తే సరైన చోటు. వోల్టేజీ అయితే 0.707, డెసిబెల్స్‌లో అయితే శిఖరానికి 3 తక్కువ. కాంతి వర్ణపటాల్లో తీవ్రతకు సగం ఎత్తు దగ్గర కొలిచే వెడల్పు ఈ సగం-శక్తి వెడల్పే, ఎందుకంటే తీవ్రత అంటే అక్కడ శక్తి.

దశ కూడా ఇదే మాట చెప్పింది. 39.80 దగ్గర వేగం బలంతో కలిసి నడుస్తోంది, దశ తేడా సున్నా. 39.59 దగ్గర వేగం 45 డిగ్రీలు ముందుంది, 40.01 దగ్గర 45 డిగ్రీలు వెనకబడింది. సమీకరణంలో రెండు పదాలు సమానమైన చోట దశ 45 డిగ్రీలు కావడం సహజమే. శిఖరం పైభాగం చదునుగా ఉంటుంది కాబట్టి ఎత్తు చూసి f0 ను పట్టుకోవడం కష్టం. దశ మాత్రం అక్కడే అన్నిటికంటే నిటారుగా మారుతుంది. f0 కావాలంటే నేను దశనే నమ్ముతాను.

గురువారం: ఆ 5 సెకన్లు ఎక్కడి నుంచి వచ్చాయి

కొలతలో ఎక్కువ టైమ్ తినేది ఈ ఆగడమే, అయినా అది తప్పదు. ఎంతసేపు ఆగాలో కూడా γ నే చెబుతుంది. బలం మారినప్పుడు పాత కదలిక exp(−γt/2) ప్రకారం చచ్చిపోతుంది. కాల స్థిరాంకం τ = 2/γ = 1/(πΔf). Δf = 0.42 అయితే τ = 0.76 సెకన్లు. 5 సెకన్లంటే ఆరున్నర τ లు. పాత కదలికలో అప్పటికి వెయ్యింట ఒకటిన్నర వంతు మాత్రమే మిగిలి ఉంటుంది.

ఆగకుండా ఫ్రీక్వెన్సీని జారుస్తూ పోతే ఏమవుతుందో కూడా కావాలనే చేసి చూశాను. సెకనుకు 1 హెర్ట్జ్ చొప్పున పైకి జార్చితే శిఖరం పొట్టిగా, వెడల్పుగా, అసలు చోటు కంటే పైన వచ్చింది. దాని తర్వాత అలలు అలలుగా ఎత్తుపల్లాలు. అనునాదం దాటాక బ్లేడు తన సొంత ఫ్రీక్వెన్సీలో ఇంకా మోగుతూనే ఉంటుంది, డ్రైవ్ మాత్రం ముందుకెళ్లిపోయింది. ఆ రెండూ కలిసి బీట్లు కొడుతున్నాయి. పై నుంచి కిందికి జార్చితే శిఖరం కింది వైపుకు జరిగింది.

జార్చే వేగానికి హద్దు కూడా సులువుగా తేలుతుంది. శిఖరం వెడల్పు Δf ని దాటడానికి పట్టే కాలం 1/Δf కంటే చాలా ఎక్కువ ఉండాలి. అంటే జార్చే వేగం Δf² కంటే చాలా తక్కువ కావాలి. నాకది 0.18. కాబట్టి సెకనుకు 0.01 హెర్ట్జ్ చొప్పున వెళ్తే పర్వాలేదు, 1 అయితే లాభం లేదు. Q రెండింతలైతే హద్దు నాలుగో వంతుకు పడుతుంది.

ఇక్కడ ఇంకో చిక్కు కలిసిపోయే అవకాశముంది. బలం ఎక్కువై బ్లేడు పెద్దగా ఊగితే స్ప్రింగు సరళంగా ఉండదు, శిఖరం ఒక పక్కకు వాలుతుంది. అప్పుడు కూడా పైకి వెళ్తే ఒకలా, కిందికి వస్తే ఒకలా కనిపించవచ్చు. రెండింటినీ విడదీయడం తేలికే. జార్చడం నెమ్మదిస్తే తేడా పోతే అది తొందర వల్ల వచ్చింది. నెమ్మదించినా మిగిలి, బలం తగ్గిస్తే పోతే అది స్ప్రింగుది. నా అమరికలో డ్రైవ్ సగానికి తగ్గించినా 39.80 కదల్లేదు, వెడల్పు మారలేదు. కాబట్టి సరళ సమీకరణం వర్తించే చోటే ఉన్నాను.

శుక్రవారం: కాలంలో అదే γ

వెడల్పులోంచి చదివిన γ నిజమైతే, డ్రైవ్ ఆపేశాక మోత తగ్గే తీరులో కూడా అదే రావాలి. 39.80 దగ్గర ఊపి, కరెంటు ఆపి, పికప్ రికార్డు చేశాను. పరిమితి లాగరిథమ్‌ను కాలంతో గీస్తే సరళరేఖ వచ్చింది, τ = 0.76 సెకన్లు. Q = π f0 τ కాబట్టి 95. ఓసిల్లోస్కోప్ తెరమీద చూసి లెక్కపెట్టుకోవాలంటే ఇంకో దారి ఉంది. పరిమితి సగానికి తగ్గే లోపు జరిగే ఊపులు 0.22 Q. తెర మీద 21 ఊపులు లెక్కకు వచ్చాయి, 0.22 × 95 కూడా అంతే.

సరళరేఖ రావడం నాకు ముఖ్యం. గాలి నిరోధం పెద్ద పరిమితుల దగ్గర వేగ వర్గాన్ని బట్టి ఉంటుంది, బిగింపులో రాపిడి ఉంటే అది వేగంతో సంబంధం లేకుండా ఉంటుంది. అవి గణనీయంగా ఉంటే రేఖ వంగుతుంది, అప్పుడు "ఈ బ్లేడు Q" అన్న మాటకు ఒకే విలువ ఉండదు. వైస్ కొంచెం వదులు చేసి చూస్తే నిజంగానే రేఖ చివర కిందికి వంగింది. మళ్లీ గట్టిగా బిగించాను.

470 ఓమ్‌ల రెసిస్టర్ ఎందుకో కూడా ఈ పరీక్షలోనే స్పష్టంగా కనిపిస్తుంది. బ్లేడు ఊగుతున్నప్పుడు అయస్కాంతం డ్రైవ్ కాయిల్‌లో కూడా వోల్టేజీ పుట్టిస్తుంది. కాయిల్‌ను నేరుగా యాంప్లిఫయర్‌కు తగిలిస్తే ఆ వోల్టేజీ కరెంటును నడుపుతుంది, ఆ కరెంటు కదలికకు బ్రేకు వేస్తుంది. రెసిస్టర్ తీసేసి కొలిస్తే τ 0.70 కి, Q 87 కి దిగింది. అది బ్లేడుకూ యాంప్లిఫయర్‌కూ కలిపి వచ్చిన Q. రెసిస్టర్ పెట్టాక ఆ కరెంటు చాలా చిన్నదైపోతుంది. డ్రైవ్ కాయిల్‌ను పూర్తిగా విప్పేసి, వేలితో మీటి కొలిచినా 0.76 లో తేడా కనిపించలేదు. కాబట్టి 95 బ్లేడుదే.

ఆదివారం: రాగి పలకలు, వంకర శిఖరం

ఇప్పుడు డ్యాంపింగ్ పెంచాలి. బ్లేడు కొసకు రెండు పక్కలా, అయస్కాంతాలకు దగ్గరగా మందమైన రాగి పలకలు నిలబెట్టాను. అయస్కాంతం కదిలితే రాగిలో సుడి కరెంట్లు పుట్టి ఎదురు బలం ఇస్తాయి. ఈ ఫ్రీక్వెన్సీలో ఆ బలం వేగానికి అనులోమంగా ఉంటుంది, అంటే అచ్చం సమీకరణంలోని b లాగే. రాగిని అయస్కాంతం ఆకర్షించదు కాబట్టి k మారదు. ఇనుప పలక పెడితే f0 జరిగిపోయేది.

వక్రరేఖ వెడల్పయింది, ఎత్తు తగ్గింది. కానీ ఆకారం బాగా లేదు. శిఖరం 39.6 హెర్ట్జ్ దగ్గర 52.6 మిల్లీవోల్టులు. 0.707 వంతు ఎత్తు దగ్గర 38.36 నుంచి 40.48 దాకా, అంటే వెడల్పు 2.12. దాన్ని పట్టి Q 18.7 అనాలి. వేగపు శిఖరం f0 నుంచి కదలకూడదని సమీకరణం కరాఖండిగా చెబుతోంది, ఇక్కడ 0.2 హెర్ట్జ్ కదిలింది. ఎడమ పక్క పొడుగ్గా సాగింది, కుడి పక్క నిటారుగా పడిపోయింది.

పరిధిని పెంచి 30 నుంచి 50 దాకా చూస్తే అసలు సంగతి బయటపడింది. 30 దగ్గర 12 మిల్లీవోల్టులు ఉంది. 44.7 దగ్గర 2.4 కి పడిపోయి, మళ్లీ లేచి 50 దగ్గర 7 అయింది. పై సమీకరణం ఎన్నిసార్లు చూసినా అందులో అలాంటి లోయ ఉండదు. శిఖరానికి అటూ ఇటూ V తగ్గుతూనే పోవాలి. లోయ ఉందంటే రెండు సిగ్నళ్లు ఒకదాన్నొకటి కొట్టేస్తున్నాయని అర్థం.

రెండో సిగ్నల్ ఏదో తేల్చడానికి బ్లేడు కొసను చెక్క ముక్కతో కదలకుండా ఆపి డ్రైవ్ నడిపాను. వేగం సున్నా అయినా పికప్‌లో 39.8 దగ్గర 10 మిల్లీవోల్టులు ఉంది. డ్రైవ్ కాయిల్ అయస్కాంత క్షేత్రం నేరుగా పికప్ కాయిల్‌ను చేరుతోంది. ట్రాన్స్‌ఫార్మర్ పనిచేసే సూత్రమే ఇది. ఆ వోల్టేజీ కరెంటు మారే రేటును బట్టి ఉంటుంది కాబట్టి కరెంటుకు 90 డిగ్రీల తేడాలో ఉంటుంది, ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతుంది.

అనునాదం దగ్గర బ్లేడు సిగ్నల్ కరెంటుతో కలిసి ఉంటుంది, ఈ చొరబాటు దానికి లంబంగా ఉంటుంది. కానీ శిఖరానికి ఎడమ పక్క బ్లేడు సిగ్నల్ దశ ముందుకు తిరుగుతుంది, చొరబాటుతో కలుస్తుంది. కుడి పక్క వెనక్కి తిరుగుతుంది, చొరబాటును కొట్టేస్తుంది. 44.7 దగ్గర రెండూ దాదాపు సమానమై లోయ ఏర్పడుతుంది.

మరి విడి బ్లేడుతో ఇది ఎందుకు కనబడలేదు? చొరబాటు అప్పుడూ సుమారు అంతే. కానీ అప్పటి శిఖరం 240, ఇప్పటిది 50. శిఖరం ఎత్తు 1/γ ని బట్టి ఉంటుంది, చొరబాటుకు γ తో సంబంధం లేదు. 240 లో 10 అంటే నాలుగు శాతం. అది కూడా లంబంగా ఉంది కాబట్టి శిఖరాన్ని 0.01 హెర్ట్జ్ లోపే జరుపుతుంది. 50 లో 10 అంటే ఐదో వంతు. Q తగ్గే కొద్దీ ఇది పెద్దదవుతుంది, అంటే వెడల్పాటి శిఖరాలకే ఈ జాగ్రత్త ఎక్కువ కావాలి.

సవరణ తేలిక. కొసను ఆపి ఉంచి ప్రతి ఫ్రీక్వెన్సీ దగ్గరా సంకీర్ణ సంఖ్యగా విలువ తీసుకున్నాను, అసలు కొలతలోంచి తీసేశాను. పరిమాణాలను మాత్రం తీసేస్తే కుదరదు, దశతో సహా తీసేయాలి. పలకలు ఉన్నప్పటి చొరబాటును పలకలు ఉండగానే కొలవాలి, ఎందుకంటే రాగిలోని సుడి కరెంట్లు చొరబాటును కూడా కొద్దిగా మారుస్తాయి.

తీసేశాక శిఖరం 39.80 కి తిరిగి వచ్చింది, ఎత్తు 50.7. సగం-శక్తి బిందువులు 38.82, 40.81. వెడల్పు 1.99, Q సరిగ్గా 20. మోత తగ్గే పరీక్షలో τ = 0.16 సెకన్లు, దాన్నుంచి కూడా 20. 240 × 0.42 = 100.8, 50.7 × 1.99 = 100.9. ఎత్తును వెడల్పుతో గుణిస్తే మారకూడదని సమీకరణం చెప్పిన మాట నిలబడింది. నాకు ఈ ఒక్క సరిపోలిక మిగతా అన్నిటికంటే ఎక్కువ ధైర్యాన్నిచ్చింది, ఎందుకంటే ఇందులో F0/m, k రెండూ మారలేదని, మారింది b ఒక్కటేనని తేలుతుంది.

మంగళవారం: రెండు బిందువులకు బదులు అన్నీ

సగం-శక్తి బిందువులతో వెడల్పు చదివితే కొలిచిన డేటాలో రెండు చోట్లే పనికొస్తాయి, శిఖరం ఎత్తులో తప్పు ఉంటే అది నేరుగా వెడల్పులోకి వస్తుంది. వేగ సమీకరణాన్ని తిరగేస్తే అంతకంటే మంచి దారి దొరుకుతుంది. హెర్ట్జ్‌లలో u = f − f0²/f అని పిలుద్దాం.

```
1/V² = C (Δf² + u²)
```

అంటే 1/V² ని u² తో గీస్తే సరళరేఖ. నిలువు అక్షాన్ని అది కోసే విలువను వాలుతో భాగిస్తే Δf². C ఏమిటో తెలియక్కర్లేదు, కాబట్టి యాంప్లిఫయర్ ఎన్ని రెట్లు పెంచుతుందో కూడా తెలియక్కర్లేదు. విడి బ్లేడు డేటాను ఇలా గీస్తే భాగఫలం 0.177, వర్గమూలం 0.42. f0 ను మాత్రం దశ సున్నా అయ్యే చోటు నుంచి ముందే తీసుకున్నాను. u విలువ 2Δf దాటిన బిందువులను వాడలేదు. అక్కడ V చిన్నది, 1/V² లో గోల చాలా పెద్దదైపోయి రేఖను లాగేస్తుంది.

ఈ గీతలో చొరబాటు కూడా వెంటనే పట్టుబడుతుంది. u² లో గుర్తు పోతుంది కాబట్టి శిఖరానికి ఎడమ పక్క బిందువులూ కుడి పక్కవీ ఒకే రేఖ మీద పడాలి. రాగి పలకల డేటాను సవరించకుండా గీస్తే రెండు కొమ్మలుగా చీలింది, కుడి పక్కది పైకి పోయింది. సవరించాక రెండూ కలిసిపోయాయి. ఇకనుంచి ఏ కొలతకైనా ముందు ఈ గీత గీసి, కొమ్మలు కలిశాకే వెడల్పు రాసుకుంటాను.

గురువారం: స్థానాన్ని కొలిస్తే

తర్వాతి దశలో పికప్ కాయిల్ బదులు, బ్లేడు కొస నీడను పట్టే ఫొటోడయోడ్ పెట్టాలని ఉంది. కాయిల్ లేకపోతే చొరబాటు సమస్యే ఉండదు. కానీ ఫొటోడయోడ్ ఇచ్చేది స్థానభ్రంశం. అంటే శిఖరం చదివే నియమం మారుతుంది. పరికరం బిగించే ముందే లెక్క చూసుకున్నాను.

స్థానభ్రంశపు శిఖరం sqrt(ω0² − γ²/2) దగ్గర వస్తుంది. Q = 20 అయితే అది f0 కంటే 0.06 శాతమే తక్కువ, అంటే 0.025 హెర్ట్జ్. నా మెట్లు 0.05 కాబట్టి ఎత్తు చూసి దాన్ని కనిపెట్టలేను. నీళ్లలోనో నూనెలోనో బ్లేడు ముంచి Q ని 2 దాకా తెస్తే కథ వేరు. ద్రవం ద్రవ్యరాశిని కూడా పెంచి f0 ను కిందికి లాగుతుంది కాబట్టి f0 తో నిష్పత్తులే చెబుతాను. శిఖరం 0.935 f0 దగ్గర ఉంటుంది. సగం-శక్తి బిందువులు 0.625 f0, 1.166 f0. వెడల్పు 0.541 f0. సమీకరణంలోని γ నుంచి వచ్చే Δf మాత్రం 0.5 f0. శిఖరం చోటును ఈ వెడల్పుతో భాగిస్తే Q 1.73 అని వస్తుంది, 2 రాదు. Q ఇంకా తగ్గి 0.707 దాటి కిందికి వెళ్తే స్థానభ్రంశానికి శిఖరమే ఉండదు. సున్నా ఫ్రీక్వెన్సీ నుంచే వక్రరేఖ దిగుతూ పోతుంది. వేగానికి అప్పుడు కూడా f0 దగ్గర శిఖరం ఉంటుంది, వెడల్పు అప్పుడు కూడా γ యే.

అందువల్ల ఫొటోడయోడ్ డేటా వచ్చాక మొదటి పని, ప్రతి విలువనూ దాని ఫ్రీక్వెన్సీతో గుణించడం. గుణించాక అది వేగపు వక్రరేఖ అవుతుంది, 1/V² గీత దానికి అలాగే పనిచేస్తుంది. ఫొటోడయోడ్‌తో ఇంకో సౌకర్యం ఉంది. చాలా తక్కువ ఫ్రీక్వెన్సీలో స్థానభ్రంశం F0/k, అనునాదం దగ్గర Q × F0/k. కాబట్టి సౌండ్ కార్డు బదులు 1 హెర్ట్జ్ లాంటి చోటనూ పనిచేసే రికార్డర్ పెడితే, ఆ రెండు ఎత్తుల నిష్పత్తిలోంచి వెడల్పు కొలవకుండానే Q వస్తుంది. పికప్ కాయిల్‌తో ఆ పరీక్ష కుదరదు, తక్కువ ఫ్రీక్వెన్సీలో వేగం సిగ్నల్ గోలలో మునిగిపోతుంది. రికార్డర్ దొరకగానే విడి బ్లేడుతో మొదలుపెడతాను. అక్కడ నిష్పత్తి 95 దగ్గర రావాలి.